పెళ్లి ఖర్చు ఎక్కడ పెరిగింది? బిల్లులు విప్పి చూస్తే…

పెళ్లి సందడి సద్దుమణిగి, వచ్చిన చుట్టాలు ఊళ్లకు వెళ్లాక ఇంటి పెద్ద బిల్లులు ముందేసుకుని కూర్చుంటాడు. అనుకున్నదానికీ అయినదానికీ పొంతన కుదరదు. ఎక్కడ పెరిగిందని అడిగితే దాదాపు ప్రతి ఇంట్లోనూ రెండే జవాబులు వినిపిస్తాయి: రేట్లు మండిపోతున్నాయి, అనుకున్నదానికంటే జనం ఎక్కువ వచ్చారు. ఇంట్లో రెండో పెళ్లి ఉంటే అంచనా కూడా ఈ జవాబుల మీదే కడతారు, మళ్లీ అలాగే తప్పుతుంది. ఆ రెండు జవాబులూ ఎంతవరకు నిజమో బిల్లులే చెబుతాయి. అయితే ఒక్కో బిల్లునూ దాని అంచనా పక్కన పెట్టి, తేడాను ముక్కలుగా విడదీసి చూడాలి.

దానికోసం ఇక్కడ ఒక నమూనా లెక్క కడుతున్నాను. విజయవాడలో ఒక మధ్యతరగతి పెళ్లి, రాత్రి ముహూర్తం, ఆడపిల్లవారి ఖర్చు. అంకెలు ఏ ఒక్క కుటుంబానివీ కావు, ఇలాంటి పెళ్లిళ్లలో ఎదురయ్యే తరహావి. బంగారం, బట్టలు పక్కన పెడదాం. వాటిని దుకాణంలో ధర చూసి, ఆ రోజే బిల్లు కట్టి తెచ్చుకుంటాం. అంచనాకూ బిల్లుకూ మధ్య నెలల దూరం ఉండేది నాలుగు చోట్ల: భోజనాలు, హాలు, డెకరేషన్, ఫొటోలు. ఈ నాలుగింటికి ఇంట్లో వేసుకున్న అంచనా 9,30,000 రూపాయలు. బిల్లులన్నీ వచ్చాక తేలింది 14,16,920. అంటే 4,86,920 ఎక్కువ, అంచనాలో సగం పైచిలుకు.

ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. చాలామంది చివర్లో కట్టిన బాకీని చూసి ఖర్చు ఇంత పెరిగిందని అనుకుంటారు. అడ్వాన్సు పోను మిగిలినదే బాకీ, దాన్ని అంచనాతో పోల్చితే ఏమీ తేలదు. పోల్చాల్సింది అడ్వాన్సు కూడా కలిసిన మొత్తం బిల్లును. హాలువాళ్లయితే అదనపు ఖర్చులను మనం ముందే కట్టిన డిపాజిట్లోంచి మినహాయించుకుని మిగతాది తిరిగిస్తారు. చేతికి డబ్బు వచ్చినట్టే ఉంటుంది, కానీ ఆ మినహాయింపు కూడా ఖర్చే. దాన్ని బిల్లు మొత్తంలో కలిపి రాసుకోవాలి.

భోజనాల బిల్లు దగ్గర మొదలుపెడదాం. అంచనా ఇలా ఉంది: రాత్రి భోజనం 600 ప్లేట్లు, ప్లేటు 500 చొప్పున 3,00,000. మర్నాడు ఉదయం టిఫిన్ 200 మందికి 150 చొప్పున 30,000. మొత్తం 3,30,000. వచ్చిన బిల్లు 5,04,840. రాత్రి భోజనం 720 ప్లేట్లు, ప్లేటు 540. టిఫిన్ 260 మందికి. వీటికి తోడు హల్దీ రోజు మధ్యాహ్నం 80 మందికి భోజనం 28,000, ఐస్‌క్రీమ్, వెల్‌కమ్ డ్రింకుల కౌంటరు 25,000. వీటన్నిటి మీద 5 శాతం జీఎస్టీ.

రాత్రి భోజనం ఒక్కదాంట్లోనే 88,800 పెరిగింది. ప్లేట్లూ పెరిగాయి, ధరా పెరిగింది. ఏది ఎంత లాగిందో తెలియాలంటే, ఎక్కువైన 120 ప్లేట్లను పాత ధర 500తో గుణించాలి. అది 60,000, సంఖ్య వల్ల వచ్చిన తేడా. పెరిగిన 40 రూపాయలను మొత్తం 720 ప్లేట్లతో గుణించాలి. అది 28,800, ధర వల్ల వచ్చిన తేడా. రెండూ కలిపితే సరిగ్గా 88,800. ఈ రెండు గుణకారాలు వస్తే ఏ బిల్లునైనా విడదీయవచ్చు.

ఇప్పుడు ఆ 60,000 లోపలికి వెళ్దాం. 120 ప్లేట్లు ఎందుకు ఎక్కువయ్యాయి? జనం ఎక్కువ వచ్చారని ఇంట్లో అందరూ అన్నారు. పెళ్లికూతురి బాబాయి భోజనాల దగ్గర నిలబడి ఒక పుస్తకంలో మనుషుల లెక్క రాసి ఉంచాడు కాబట్టి నిజం తెలిసింది. తిన్నవాళ్లు 690 మంది. అందులో చుట్టాలు, స్నేహితులు 645 మంది. మిగతా 45 మంది ఫొటోగ్రాఫర్లు, డెకరేషన్ కుర్రాళ్లు, సన్నాయి మేళం, బ్యాండువాళ్లు, కార్ల డ్రైవర్లు. రాత్రంతా మన పెళ్లికి పనిచేసేవాళ్లకు అన్నం పెట్టడం మన ధర్మం, అందులో వెనకాడేదేమీ లేదు. కాకపోతే ఆ 45 మందినీ అంచనాలో ఎవరూ రాయలేదు. శుభలేఖలు పంచిన పేర్లను లెక్కపెట్టి 600 అనుకున్నారు, అంతే.

690 మంది తింటే 720 ప్లేట్ల బిల్లు ఎలా వచ్చింది? బఫేలో క్యాటరింగ్‌వాళ్లు ప్లేట్లను లెక్కిస్తారు. తెచ్చిన ప్లేట్లలోంచి వాడకుండా మిగిలినవి తీసేస్తే బిల్లుకు ఎక్కే సంఖ్య వస్తుంది. ఒక ప్లేటు పక్కన పెట్టేసి మళ్లీ ఇంకోటి తీసుకున్నవాళ్లు రెండుగా లెక్కకొస్తారు. పిల్లలకు విడిగా తీసి సగం కూడా తినని ప్లేటు ఒకటిగా లెక్కకొస్తుంది. అలా తేలినవి 30. పంక్తి భోజనాల్లో ఆకులు లెక్కపెట్టినప్పుడు ఈ చిక్కు ఇంతగా ఉండదు, ఆకు వేశాక మనిషి లేచేదాకా అదే ఆకు. కనుక బేరం కుదిరే రోజునే లెక్క ప్లేటుకా, మనిషికా అన్నది కాగితం మీద రాయించుకోవాలి. రాయించుకోకపోతే ప్లేట్ల లెక్కే నడుస్తుంది. ఒప్పుకున్న కనీస సంఖ్యకంటే జనం తగ్గితే మాత్రం ఆ కనీస సంఖ్యకే డబ్బు కట్టాలి. ఆ షరతు దాదాపు ప్రతి క్యాటరింగ్ ఒప్పందంలోనూ ఉంటుంది.

అలా చూస్తే 120 ప్లేట్లలో నిజంగా పిలిచిన జనం ఎక్కువ రావడం వల్ల లేచినవి 45 మాత్రమే. డబ్బుల్లో చెబితే పాత ధరకు 22,500 రూపాయలు. ధర పెరిగి వచ్చిన 28,800 కూడా బజారు పెంచినది కాదు. మెనూ ఖాయం చేసిన రోజున పూతరేకులు ఉండాలని ఒకరు, పనీర్ కూర ఒకటి ఉంటే బాగుంటుందని ఇంకొకరు అన్నారు. "ప్లేటుకు నలభయ్యేనండి, మీరే చూడండి" అన్నాడు మేనేజరు. నలభై రూపాయలు చిన్న మాట. అది 720 సార్లు పడుతుందని ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. ప్లేటు ధరలో చేసే ఏ మార్పునైనా మొత్తం సంఖ్యతో గుణించి, ఆ అంకె వినిపించాకే సరే అనాలి. ఆ రెండు వంటకాలకు దాదాపు ఇరవై తొమ్మిది వేలు పెట్టడం ఇష్టమే అయితే సంతోషంగా పెట్టవచ్చు.

హాలు బిల్లులో విచిత్రం ఏమిటంటే అద్దె ఒక్క రూపాయి కూడా పెరగలేదు, బిల్లు మాత్రం సగం పెరిగింది. అంచనాలో అద్దె 2,00,000 అని ఒకే ఒక్క వరుస ఉంది. బిల్లు 3,02,080. కరెంటు మీటరు ప్రకారం 13,500, జనరేటర్ అయిదు గంటలకు 12,500, శుభ్రం చేసినందుకు 10,000, గడువు దాటినందుకు 20,000, ఈ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ 46,080.

ఇందులో కరెంటు, జనరేటర్, శుభ్రత కలిపి 36,000. ఇవి హాలువాళ్లు పెళ్లయ్యాక పుట్టించినవి కావు. అడ్వాన్సు ఇచ్చిన రోజు సంతకం పెట్టిన కాగితం వెనక షరతుల్లో ఉన్నాయి. కరెంటు యూనిట్‌కు ఎంతో, జనరేటర్ గంటకు ఎంతో అక్కడే రాసి ఉంది. అవి చదివి సుమారుగా ఒక అంకె వేసుకుని ఉంటే అంచనాలోనే చేరేవి. వీటిలో తప్పు బిల్లు పడకుండా చూసుకునే దారి కూడా తేలికే. హాలు తాళాలు తీసుకున్నప్పుడూ, అప్పగించినప్పుడూ కరెంటు మీటరుకూ, జనరేటర్ మీద గంటలు చూపించే మీటరుకూ ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోవాలి. రెండు అంకెల తేడా చూపిస్తే ఇక వాదన ఉండదు.

గడువు దాటిన 20,000 సంగతి వేరు. హాలు ఉదయం పదింటి నుంచి మర్నాడు ఉదయం పదింటి వరకు తీసుకున్నారు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. తాళి కట్టి, తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అయ్యేసరికి తెల్లవారింది. టిఫిన్లు ఆలస్యమయ్యాయి, సామాన్లు సర్ది హాలు ఖాళీ చేసేసరికి మధ్యాహ్నం రెండు. నాలుగు గంటలు, గంటకు 5,000. రాత్రి ముహూర్తమని ఆరు నెలల ముందే తెలుసు. హాలు సమయాన్ని ఉదయం పదికి బదులు మధ్యాహ్నం రెండు నుంచి రెండు వరకు అడిగి ఉండాల్సింది. కొన్ని హాళ్లు దానికి ఒప్పుకోవు. అప్పుడు ఆ నాలుగు గంటల ఖర్చును ముందే అంచనాలో రాసుకోవాలి.

డెకరేషన్‌లో తేడా ఎక్కువగా మాటల మీద వచ్చింది. ఒప్పుకున్న ప్యాకేజీ 2,50,000. బిల్లు 4,13,000. హల్దీకి వేసిన పసుపుపచ్చ వేదిక 40,000, హాలు గుమ్మం దగ్గర పూల ఆర్చి 30,000, పెళ్లికూతురు నడిచి వచ్చేటప్పుడు పైన పట్టిన పూల పందిరి 10,000. ఈ 80,000 కొత్తగా చేర్చినవి. పూల ధర పెరిగిందని వేసిన 20,000 ఒకటి ఉంది. మంచి ముహూర్తాలు ఒకేసారి పడిన వారంలో బంతి, చామంతి, మల్లె ధరలు పెరగడం మామూలే, ఇది నిజమైన ధర తేడా. మిగతా 63,000 జీఎస్టీ. ఈ చేర్పులు ఎవరు చెప్పారని తండ్రి అడిగితే డెకరేటర్ ఫోన్ తెరిచి చూపించాడు: "ఆర్చి ఫొటో అమ్మాయిగారే పంపారండి, పూల పందిరి మీ తమ్ముడుగారు చెప్పారు." ఇద్దరూ చెప్పిన మాట నిజం. ఇద్దరిలో ఎవరూ ధర అడగలేదు, అతను చెప్పలేదు. ఇంటి తరఫున చేర్పులకు సరే అనే మనిషి ఒక్కరే అని అడ్వాన్సు ఇచ్చిన రోజే చెప్పి ఉంటే, ఆ రెండు మెసేజీలకు డెకరేటర్ జవాబుగా ధర పంపేవాడు.

ఈ బిల్లులో ఒక పొరపాటూ దొరికింది. ప్యాకేజీ కాగితంలో గుమ్మానికి పూల అలంకరణ అని అప్పటికే ఉంది. దాన్ని తీసేసి ఆర్చి వేశారు, కానీ ఆర్చికి పూర్తి ధర వేసి, తీసేసిన అలంకరణకు ఏమీ తగ్గించలేదు. ఇది మోసమని అనుకోనక్కర్లేదు. చేర్పులు వేరే కాగితం మీద రాసుకునేవాళ్లకు పాత కాగితం గుర్తుండదు. అందుకే కొత్త వస్తువు చేర్చినప్పుడల్లా దానివల్ల పాత జాబితాలో ఏది పోయిందో చూసి తీరాలి.

ఫొటోల బిల్లు 1,50,000 నుంచి 1,97,000 అయింది. హల్దీ రోజు షూటింగ్ 20,000, హాల్లో ఎల్‌ఈడీ తెర 15,000, ఆల్బమ్‌లో 60 షీట్లకు బదులు 80 వేయించినందుకు 12,000. ఈ ఫొటోగ్రాఫర్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు కనుక పన్ను పడలేదు. ఆల్బమ్ బిల్లు పెళ్లయిన కొన్ని నెలలకు వస్తుంది కాబట్టి చాలా ఇళ్లలో అది పెళ్లి లెక్కలోకే ఎక్కదు.

పన్ను గురించి ఇక్కడే చెప్పుకోవాలి. హాలు అద్దెకూ, డెకరేషన్‌కూ 18 శాతం, బయటి క్యాటరింగ్‌కు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. ఖరీదైన హోటల్లో పెళ్లి పెట్టుకుంటే భోజనం మీద కూడా 18 శాతం పడవచ్చు. కొటేషన్లలో "పన్నులు అదనం" అని చిన్నగా రాసి ఉంటుంది. మన అంచనాలో ఆ మాట ఉండదు. సేవలు అందించేవాళ్ల ఏడాది వ్యాపారం 20 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు, కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. కనుక బిల్లులో పన్ను వేసి ఉంటే పైన 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. ఆంధ్రప్రదేశ్‌ది 37తో, తెలంగాణది 36తో మొదలవుతుంది. ఆ నంబరు ఎవరిదో gst.gov.in లో వెతికి చూసుకోవచ్చు. బిల్లు వద్దంటే పన్ను లేకుండా చేస్తామనే మాట ఆశగా వినిపిస్తుంది. అది పన్ను ఎగవేత అన్న సంగతి అటుంచితే, బిల్లు లేకపోతే అదే ఆర్చి విషయంలో నిలబెట్టి అడగడానికి చేతిలో కాగితమే ఉండదు.

నాలుగు బిల్లుల ముక్కలనూ కలిపితే 4,86,920 ఎక్కడిదో తెలుస్తుంది. అంచనాలో లేనివి చేరడం వల్ల 2,04,000. పన్ను 1,33,120. సంఖ్య, సమయం పెరగడం వల్ల 1,01,000. ధర తేడా 48,800. ధర తేడాలోనూ 28,800 మెనూలో మనం కోరుకున్నదే. బజారు పెంచినది పూల 20,000 ఒక్కటే. రేట్లు మండిపోయాయన్న మాటకు ఈ పెళ్లి బిల్లుల్లో ఉన్న ఆధారం అంత వరకే.

కానీ బిల్లులవారీగా చూసినంతకాలం ఒక పెద్ద ఖర్చు కంటికి కనిపించదు. అది హల్దీ. భోజనం బిల్లులో 28,000, డెకరేషన్‌లో 40,000, ఫొటోల్లో 20,000 అని మూడు చోట్ల విడిగా పడింది. మొదటి రెండింటి మీద పన్ను 8,600 కలిపితే 96,600. ఏ ఒక్క బిల్లూ ఈ అంకెను చూపించదు. మన ఇళ్లలో నలుగు పెట్టి మంగళస్నానం చేయించి పెళ్లికూతుర్ని చేయడం ఎప్పటినుంచో ఇంటి ముంగిట్లో జరిగే వేడుకే. దాన్ని వేదిక వేసి, అతిథుల్ని పిలిచి చేద్దామన్న ఆలోచన ముహూర్తానికి మూడు వారాల ముందు వచ్చింది. అప్పటికే ముగ్గురికీ అడ్వాన్సులు ఇచ్చేశారు కాబట్టి వేరేవాళ్ల దగ్గర ధర అడగలేదు, ముగ్గురూ తమకు తోచిన ధర వేశారు. అందువల్ల లెక్కల పట్టికలో బిల్లుల పేర్లతో పాటు ఇంకో వరుస పెట్టుకోవాలి: ఈ ఖర్చు ఏ వేడుకకు, ఎవరు సరే అన్నారు, ఏ తేదీన. అప్పుడు మూడు బిల్లుల్లో చెదిరిన ఖర్చు ఒక్కచోటికి వస్తుంది. హల్దీ ఫొటోలు చూసుకుని ఆ డబ్బు పెట్టినందుకు తృప్తిపడే కుటుంబాలు ఉన్నాయి. ఈ లెక్క వాళ్లను తప్పుపట్టదు, ఆ వేడుకకు ఎంత పడిందో మాత్రం చెబుతుంది.

బిల్లు ఏదీ రాని ఖర్చులు కూడా ఉంటాయి. పురోహితుడి సంభావన, మేళగాళ్లకు ఇచ్చిన బహుమతులు, వంటవాళ్లకు విడిగా ఇచ్చినవి, దారిలో కొన్న కొబ్బరికాయల దాకా. ఒక చిన్న పుస్తకం ఒకరి చేతికిచ్చి, డబ్బు ఇచ్చిన వెంటనే రాయమనడం తప్ప దీనికి ఇంకో దారి లేదు. పది రోజుల తర్వాత గుర్తు చేసుకుని రాసిన పద్దు నమ్మదగినది కాదు.

తుది బాకీ కట్టే ముందు ఈ పెళ్లివారు రెండు విషయాలు అడిగారు. ఆర్చి వల్ల తీసేసిన గుమ్మం అలంకరణకు డెకరేటర్ 10,000 తగ్గించాడు, దానిమీద పన్ను 1,800 తగ్గింది. రెండోసారి తీసిన 30 ప్లేట్లలో సగం క్యాటరర్ వదులుకున్నాడు, పన్నుతో కలిపి 8,505. మొత్తం 20,305. తేడా మొత్తంలో ఇది నాలుగు శాతం. చివరి రోజున గట్టిగా బేరమాడితే దక్కేది ఈ కాస్తే.

అంచనా కట్టిన రోజునే తెలుసుకోగలిగినది అంతకంటే చాలా ఎక్కువ. మొదట అనుకున్న వస్తువుల మీద పడే పన్ను 97,500. హాలు షరతుల్లోని 36,000, వాటి మీద పన్ను 6,480. ఈ 1,39,980 ఎవరి కోరికా కాదు, ఎవరి దుబారా కాదు, అంచనాలో రాయకుండా వదిలేసినది. అంటే అసలు అంచనా 9,30,000 కాదు, 10,69,980 అని రాసి ఉండాల్సింది. ఈ ఇంట్లో రెండో అమ్మాయి పెళ్లి లెక్కలు మొదలుపెట్టేటప్పుడు పట్టుకోవాల్సిన అంకె ఇదే. 14,16,920 నుంచి మొదలుపెడితే మొదటి పెళ్లిలో చేర్చినవన్నీ అడగకుండానే రెండో పెళ్లిలోకి వచ్చి కూర్చుంటాయి. 10,69,980 పైన వేసి, దాని కింద పనివాళ్ల భోజనాలకు 45 ప్లేట్లు అని ఒక వరుస, హాలు అదనపు గంటలకు ఒకటి, హల్దీ కావాలంటే మూడు ఖర్చులూ కలిపి ఒకే వరుసగా రాయాలి. ఆ తర్వాతే ఫంక్షన్ హాలుకు ఫోన్ చేయాలి.